సోలోని ముంచడం ఎలా?

సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద నిలబడి అనౌన్స్‌మెంట్ వినండి. ఒకే మాట వరుసగా ఉన్న స్పీకర్లన్నిటి నుంచీ తలా ఓ క్షణం ఆలస్యంగా వచ్చి పైకప్పు కింద సుడులు తిరుగుతుంది. మనకు కావలసిన రైలు నంబరు ఒక్కటే అర్థం కాదు. మీ గిటార్ సోలో కూడా అచ్చం అలా మోగాలని కోరికా? అయితే ఈ పద్ధతి పాటించండి. మారేడ్‌పల్లిలో మా బ్యాండు ప్రాక్టీసు చేసే గదిలో నేను స్వయంగా పరీక్షించిందే.

గిటార్ నుంచి వచ్చే తీగను నేరుగా రివర్బ్ పెడల్‌లో గుచ్చండి. దాని తర్వాత డిలే పెట్టండి. డిస్టార్షన్‌ను అన్నిటికంటే చివరికి తోసేయండి. ఇంత సులువుగా పని ఎందుకు అవుతుందంటే, డిస్టార్షన్‌కు పెద్దాచిన్నా తేడా తెలియదు. పెద్ద శబ్దం తల నరుకుతుంది, చిన్న శబ్దాన్ని దాని పక్కకు లేపి నిలబెడుతుంది. సన్నగా ఆరిపోవాల్సిన రివర్బ్ తోక కాస్తా అసలు స్వరమంత లావు అవుతుంది. పాత స్వరం తోకా కొత్త స్వరమూ కలిసి నలిగేసరికి, మీరు వాయించని శబ్దాలు కూడా పుట్టుకొస్తాయి. పప్పు, పెరుగు, ఆవకాయ విడివిడిగా తినక మిక్సీలో వేసి తిప్పినట్టు.

ముందుచూపున్న వాళ్లు దీన్ని తిరగేస్తారు: ట్యూనర్, వా, డిస్టార్షన్, కోరస్, డిలే, రివర్బ్, ఆ తర్వాత ఆంప్. బయట లోకంలో ముందు శబ్దం పుడుతుంది, తర్వాతే గోడలకు తగులుతుంది కదా, గోడల్ని చివర పెట్టాలని వాళ్ల చాదస్తం.

డిలే ముందా, రివర్బ్ ముందా అన్నది మాత్రం ఇరానీ చాయ్ మీద గంటలు వాదించండి, ఖర్చు తక్కువ. రెండు పెడళ్లూ శబ్దాన్ని మరక పడకుండా పంపేవైతే ఎటు పెట్టినా లెక్క ప్రకారం ఫలితం ఒకటే. డిలే తన ప్రతిధ్వనుల్ని తానే కాస్త నలిపే రకం అయితేనే, అంటే పాత టేప్ లేదా అనలాగ్ పద్ధతిది అయితేనే, తేడా చెవికి అందుతుంది. ఇది చెబితే వాదన ఆగిపోతుంది, కాబట్టి చెప్పకండి.

డిలే టైమ్ నాబ్‌ను ఎక్కడ ఆగితే అక్కడ వదిలేయండి. అది నిజానికి దూరాన్ని కొలిచే నాబ్. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 375 మిల్లీసెకన్లు పెడితే, పరేడ్ గ్రౌండ్స్‌లో మీకు 64 మీటర్ల అవతల గోడ కట్టినట్టే: పోయి రావడానికి అంత సేపు. పాట నిమిషానికి 120 బీట్ల వేగంలో ఉందనుకోండి. ఒక బీటు 500 మిల్లీసెకన్లు. డిలే కూడా 500 పెడితే ప్రతిధ్వని డ్రమ్ము మీదే పడి దాని చాటున దాక్కుంటుంది. బీటులో ముప్పావు, అంటే 375 పెడితే డ్రమ్ము దెబ్బల మధ్య సందుల్లో పడుతుంది. మీరు ఒక స్వరం మీటితే రెండు చేతులు వాయిస్తున్నట్టుంటుంది. యూ2 బ్యాండు గిటారిస్టు ఎడ్జ్ పేరు తెచ్చుకున్నది ఈ ముప్పావుతోనే. మీకెందుకా గొడవ? 430 పెట్టండి. ఎక్కడా పడదు, డ్రమ్మర్ మాత్రం మీ మీద పడతాడు.

ఆంప్‌లోని గెయిన్ పూర్తిగా పెంచి, పెడళ్లన్నీ దాని ముందే ఉంచడం మరువకండి. ఆ గెయిన్ కూడా ఒక డిస్టార్షనే గనుక, మీరెంత బుద్ధిగా వరుస పేర్చినా మొత్తం మళ్లీ మిక్సీలోకే. ఆంప్ వెనుక సెండ్, రిటర్న్ అని రెండు రంధ్రాలుంటే డిలే, రివర్బ్‌లను వాటి మధ్య కలిపే వీలుంది. వెనక్కి తిరిగి చూడకపోతే సరి.

ఇక రివర్బ్ ఎంత అన్నది, పరుపులు ఆనించిన ప్రాక్టీసు గదిలోనే తేల్చుకోండి. నేనూ అదే చేశాను. అదే మోతాదుతో ఒక ఫంక్షన్ హాల్లో, గ్రానైట్ నేల, బోసి గోడల మధ్య మొదలెట్టాను. రెండో పాటలో మా డ్రమ్మర్ కర్రలు ఆపి, "ఏందిరా బై, ప్లాట్‌ఫారం నంబర్ ఒకటా ఇది?" అన్నాడు. ఒక కార్డు కొట్టి, తీగల మీద అరచెయ్యి నొక్కి విన్నాను. తోక ఇంకా పోతూనే ఉంది. రివర్బ్ ఆపేసి మళ్లీ కొట్టాను. అప్పుడూ తోక ఉంది, అది హాలుది.

మిగతా పాటలన్నీ ఆ పెడల్ లేకుండానే వాయించాం.