నాలుగో అంతస్తు చరిత్ర

మా కంపెనీకి పదేళ్లు నిండిన శుభవేళ "మా ప్రస్థానం" పేజీని సరిదిద్దే పని నా నెత్తిన పడింది. మాదాపూర్‌లో ఒక గాజు భవనంలో నాలుగో అంతస్తు మాది. మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతాం. కంపెనీ పేరు మాత్రం అడక్కండి. నాకు ఒకటో తారీఖున జీతం రావాలి.

పేజీలో 17 మైలురాళ్లున్నాయి. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో మొదలయ్యాం. మాదాపూర్‌లో రెండో అంతస్తులో దిగాం. లోగో మార్చాం. నాలుగో అంతస్తుకు ఎక్కాం. ఐఎస్ఓ సర్టిఫికెట్ వచ్చింది. నూరో ఉద్యోగి చేరాడు (ఫొటోలో ఉన్నాడు, కంపెనీలో లేడు). లోగో మళ్లీ మార్చాం. 2018కి ఎదురుగానైతే కాఫీ మిషన్‌కు దండ వేసిన ఫొటో ఉంది. చదువుతుంటే, భోజనానికి కూర్చున్న పెళ్లివారికి అన్నం వడ్డించకుండా పందిరి గుంజలు ఎప్పుడు పాతామో వివరిస్తున్నట్టుంది.

ఎందుకైనా మంచిదని హనుమకొండలో మా సాఫ్ట్‌వేర్ వాడే మెడికల్ షాపు పెద్దాయనకు ఫోన్ చేసి, ఒక్కో వరుసా చదివి వినిపించాను.

"నాలుగో అంతస్తుకు మారినం అన్న."

"లిఫ్టు ఉన్నదా?"

"ఉంది."

"మంచిది తమ్మీ. గయితే నాకేంది?"

ఆయన వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగాడు. ఫోన్ పెట్టేశాక "నాకేంది" అన్న ఆ మూడు అక్షరాలూ కాగితం మీద రాసుకుని మానిటర్‌కు అంటించుకున్నాను. పేజీని దిద్దడానికి నాకు దొరికిన కొలబద్ద అదొక్కటే.

ఆ ప్రశ్న ఎంత న్యాయమైందో నాకు మెట్రో నేర్పింది. నేను దిల్‌సుఖ్‌నగర్ నుంచి వస్తాను. హైదరాబాద్ మెట్రో చరిత్ర రాసేవాళ్లు 2010 నాటి ఒప్పందంతో మొదలుపెట్టి, 2017 నవంబరు 28న మియాపూర్‌లో ప్రధాని ప్రారంభించిన ఫొటో దగ్గర కాసేపు ఆగుతారు. ఆ రోజు నేను ఎప్పట్లాగే బస్సు ఫుట్‌బోర్డు మీద ఉన్నాను. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేటకు రైలు నడిచింది, సగం కష్టం తీరింది. 2019 మార్చి 20న అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి వచ్చింది. నా చొక్కా ఇస్త్రీ ఆఫీసు దాకా నిలిచింది ఆనాటి నుంచే.

కథలో ఇంకో మెలిక ఉంది. మొదట్లో హైటెక్ సిటీ స్టేషన్ దాటాక రైలు వెనక్కి మళ్లే ఏర్పాటు సిద్ధం కాలేదు. వచ్చిన పట్టాల మీదే తిరిగి పోవాలి కాబట్టి రైలుకూ రైలుకూ మధ్య ఎడం ఎక్కువుండేది. కొన్ని నెలలకు ఆ ఏర్పాటు వాడకంలోకి వచ్చింది. ఇంజనీర్ల కాగితాల్లో దాని పేరు "రివర్సల్ సౌకర్యం". ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ నాకు మాత్రం "రైలు తొందరగా వస్తోంది". అంటే కంపెనీ లోపలి సంగతులన్నీ చెత్తబుట్టకు పోవాల్సినవి కావు. కొన్ని ప్లాట్‌ఫారం మీదికి వచ్చి మాట్లాడాలి, అంతే.

ఈ జ్ఞానంతో 17 వరుసల్నీ మూడు కుప్పలు చేశాను. మొదటి కుప్పలో లోగోలు, కాఫీ మిషన్, క్రికెట్ కప్పు. ఇవి తీసేయడమే. రెండో కుప్పలో అంతస్తులు, ఉద్యోగుల సంఖ్య, పెట్టుబడి. ఉద్యోగానికి వచ్చేవాళ్లు ఇవి చూస్తారు కాబట్టి "మాతో పనిచేయండి" పేజీకి పంపాను. మూడో కుప్పలో మిగిలినవే తిరగరాయాల్సినవి. తలనొప్పంతా అక్కడే.

ఒక వరుసలో "వరంగల్‌లో సపోర్ట్ సెంటర్ ప్రారంభం" అని ఉంది, రిబ్బన్ కత్తిరిస్తున్న ఫొటోతో సహా. మందుల షాపులు రాత్రి పది దాకా తెరిచుంటాయి. అంతకుముందు మా ఫోన్ ఆరింటికే మూగబోయేది. వరంగల్ వాళ్లు రెండో షిఫ్టు తీసుకున్నాక పది వరకు పలుకుతోంది. కాబట్టి "రాత్రి 10 వరకు మీ ఫోన్ ఎత్తుతాం" అని మార్చాను. తేదీ కూడా మారింది. రిబ్బన్ మార్చిలో తెగింది, రాత్రి షిఫ్టు జూన్‌లో మొదలైంది. షాపువాడికి జూన్ లెక్క.

ఇంకో వరుస "క్లౌడ్‌కు మారాం". దీన్ని నేను ఉత్సాహంగా "మీ కంప్యూటర్ పాడైనా లెక్కలన్నీ భద్రం" అని రాశాను. పక్క సీటు ఇంజనీరు చదివి నెమ్మదిగా దగ్గాడు. బ్యాకప్ రోజూ రాత్రి ఒక్కసారే జరుగుతుందట. మధ్యాహ్నం కంప్యూటర్ పోతే పొద్దుటి బిల్లులు దానితోపాటే పోతాయి. "నిన్న రాత్రి వరకు ఉన్న లెక్కలు తిరిగొస్తాయి" అని దిద్దాను. వాక్యం కొంచెం చిన్నబోయింది గానీ నిజం నిలబడింది.

అసలు యుద్ధం జీఎస్టీ దగ్గర వచ్చింది. పాత పేజీలో "2017 జూన్: జీఎస్టీ వెర్షన్ విజయవంతంగా విడుదల" అని ఉంది. ఎండీ గారు దానికి "మొదటి రోజు నుంచే మీతో" అని తోక తగిలించమన్నారు. జీఎస్టీ మొదలైంది జూలై 1న. నేను సపోర్ట్ అక్క దగ్గరికి వెళ్లాను. ఆవిడ దగ్గర అట్ట చిరిగిన కాల్ రిజిస్టర్ ఉంది. మా కంపెనీకి అసలైన చరిత్ర పుస్తకం అదే. జూలై మొదటి నాలుగు రోజుల పేజీలు తిప్పితే అన్నీ ఒకటే ఫిర్యాదు: బిల్లులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ విడివిడిగా పడట్లేదు.

"జూన్‌లో రిలీజ్ చేసింది మన ఆఫీసులో తమ్ముడూ," అంది అక్క. "షాపుల్లో ఒక్కొక్క కంప్యూటర్‌లోకి ఎక్కించేసరికి తొమ్మిదో తారీఖు. అప్పటిదాకా వాళ్లు చేత్తో రాసుకున్నారు. ఆ తిట్లు నాకింకా గుర్తే."

రిజిస్టర్ పట్టుకెళ్లి ఎండీ గారి ముందు పెట్టాను. చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చివరికి "2017 జూలై: సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ విడివిడిగా లెక్కకట్టిన బిల్లు మీ కౌంటర్‌లోనే" అన్న దగ్గర రాజీ కుదిరింది. "మొదటి రోజు" పోయింది. చేత్తో బిల్లులు రాసినవాడు ఆ ముక్క చదివితే, మిగతా వరుసలు కూడా నమ్మడు.

పేజీ ఆరు వరుసలకు వచ్చింది. అప్పుడు ఎండీ గారికి కొత్త బెంగ పట్టుకుంది.

"2018లో ఏమీ లేదేమయ్యా? ఆ ఏడాది మనం నిద్రపోయామనుకోరూ?"

"షాపువాళ్లకు కొత్తగా ఏమీ ఇవ్వలేదు కద్సార్."

"కాఫీ మిషన్ పెట్టాం కదా!"

హనుమకొండకు మళ్లీ ఫోన్ చేసి ఆరు వరుసలూ చదివాను. పెద్దాయన ఈసారి లిఫ్టు గురించి అడగలేదు. బ్యాకప్ వరుస దగ్గర ఆపి, "గది పగటిపూట గూడ అయితే రాయి తమ్మీ, గప్పుడు మంచిగుంటది" అన్నాడు.

ఆ మాట ఇంజనీర్లకు చేరవేశాను. అది జరిగిన రోజున ఏడో వరుస రాస్తాను. 2018 మాత్రం ఖాళీగానే ఉంది. కాఫీ బాగానే ఉంటుంది.