నాయనమ్మకు ఫోన్‌లో డబ్బు పంపడం నేర్పబోయే మనవళ్లకు నా సలహాలు

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది: నేర్పకండి. ఫోన్ ఆవిడ చేతిలోంచి లాక్కుని, గబగబా నాలుగుచోట్ల నొక్కి, "అయిపోయింది నాయనమ్మా" అనేయండి. అలా చేస్తే ప్రతి నెలా ఆవిడ మీకోసమే ఎదురుచూస్తుంది. ఇంట్లో మీ విలువా పెరుగుతుంది.

మా వీధిలో ఒక కుర్రాడు ఈ మాట వినలేదు. సెలవులకు తెనాలి వచ్చినవాడు హాయిగా సినిమాలు చూసుకోక, నాయనమ్మ పక్కన కూర్చుని ఫోన్ ఆవిడ చేతిలోనే ఉంచాడు. ఖమ్మంలో ఉన్న చెల్లెలికి మూడు వేలు పంపాలని ఆవిడ ముచ్చట. యూపీఐ పిన్ పెట్టుకోవడానికి ఏటీఎం కార్డు మీది చివరి ఆరు అంకెలు, కార్డు గడువు తేదీ ఆవిడ చేతే కొట్టించాడు. బ్యాంకు నుంచి వచ్చిన ఓటీపీ కూడా ఆవిడే చదువుకుని కొట్టింది. పిన్ దగ్గరికి వచ్చేసరికి వాడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు! నన్నడిగితే పుట్టిన సంవత్సరమే పిన్‌గా పెట్టించి, పాల లెక్క రాసే క్యాలెండర్ మీద పెద్ద అక్షరాలతో రాయించేవాణ్ణి. మరచిపోతే ఎలా? పాలవాడికైనా గుర్తుంటుంది. పైగా ఆవిడ, "ఏం పెట్టానో నీక్కూడా చెప్పనురా" అంది. వాడు సిగ్గుపడాల్సింది పోయి సంతోషించాడు.

పేరు చదవడం అనే అలవాటు మాత్రం అస్సలు చేయకండి, పని ఆలస్యమవుతుంది. ఆవిడ చెల్లెలి నంబరు పాత డైరీలో చూసి కొట్టింది. మీట నొక్కే ముందు కళ్లజోడు పెట్టుకుని తెర మీద పేరు చదివింది. ఎవరో మగమనిషి పేరు! డైరీలో ఒకటి ఏడులా కనిపించి ఒక అంకె తప్పు పడింది. అక్కడ చూపించేది మనం ఫోన్‌లో రాసుకున్న పేరు కాదు, బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు అని మనవడు ముందే చెప్పి పెట్టాడు. అందుకే ఆగింది. నా శిష్యులైతే "నంబరు కరెక్టే, తర్వాత చూసుకుందాం" అని పంపేసేవాళ్లు. యూపీఐలో ఒకసారి వెళ్లిన డబ్బు మనం వెనక్కి లాక్కోలేం. అవతలి మనిషి ఒప్పుకోవాలి, లేదా బ్యాంకుకు ఫిర్యాదు చేసి కాళ్లరిగేలా తిరగాలి. తిరగడం ఆరోగ్యానికి మంచిదే కదా.

నంబరు సరిచేశాక కూడా మూడు వేలు పంపలేదు. ముందు ఒక్క రూపాయి పంపి, చెల్లెలికి ఫోన్ చేసింది.

"రూపాయి వచ్చిందా?"

"రూపాయి ఏంటే అక్కా, బిచ్చమా?"

"వచ్చిందో లేదో చెప్పు ముందు. నీ బ్యాంకు మెసేజ్ చూసి చెప్పు."

వచ్చిందన్నాక మూడు వేలు కొట్టింది. అప్పుడు తెర మీద చక్రం తిరుగుతూ ఆగిపోయింది. నా సలహాల్లోకెల్లా విలువైనది ఇక్కడే ఉంది: వెంటనే మళ్లీ పంపండి. అదీ ఆగితే మూడోసారి. అన్నీ వెళ్లిపోతే చెల్లెలికి తొమ్మిది వేలు, మనకు పుణ్యం. (కొత్తగా చేరినవాళ్లను మొదటి 24 గంటల్లో మామూలుగా 5,000 దాటనివ్వరట. ఇలాంటి అడ్డంకులు మన ఉత్సాహాన్ని చంపడానికే.) ఆ కుర్రాడు మాత్రం చేయి అడ్డం పెట్టాడు. "పెండింగ్ అని ఉంది నాయనమ్మా. అయితే అటు చేరుతుంది, లేకపోతే నీ ఖాతాలోకే తిరిగొస్తుంది. అది తేలేదాకా మళ్లీ నొక్కకు" అన్నాడు. కాఫీ తాగి వచ్చి పాత లావాదేవీల జాబితా తెరిస్తే డబ్బు చేరినట్టు ఉంది. అక్కడున్న 12 అంకెల యూటీఆర్ నంబరును ఆవిడ డైరీలో రాసుకుంది. ఏదైనా తేడా వస్తే బ్యాంకువాళ్లు అడిగేది అదేనట.

సాయంత్రం ఎవరో ఫోన్ చేశారు. కరెంటు బిల్లు ఎక్కువ కట్టారు, డబ్బు వెనక్కి ఇస్తాం, పిన్ కొట్టండి అన్నారు. ఇంత మంచి అవకాశం వస్తే ఎవరైనా వదులుకుంటారా? "డబ్బు పంపడానికీ, నిల్వ చూసుకోవడానికీ పిన్ కావాలని మావాడు చెప్పాడు. పుచ్చుకోవడానికి పిన్ ఎందుకు నాయనా?" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఇలాంటి నాయనమ్మ మీ ఇంట్లో తయారైతే నా సలహాలు ఎందుకూ పనికిరావు. నా మాట విని డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మాత్రం నాకు ఫోన్ చేయకండి. వెంటనే 1930కి చేయండి.