నెలాఖరు జమ గురించి పింఛను కార్యాలయానికి బహిరంగ లేఖ

విషయం: 2024 డిసెంబరు, 2025 జనవరి, ఫిబ్రవరి నెలల పింఛను ఆలస్యంగా జమ అయినందున అర్జీదారుకు రావలసిన రూ.748 గురించి.

ఆర్యా,

కేంద్ర ప్రభుత్వ సివిల్ పింఛను చాలా దూరం ప్రయాణించి వస్తుంది. ఉద్యోగి పనిచేసిన కార్యాలయం కాగితాలు సిద్ధం చేస్తే, జీతాల లెక్కలు చూసే పే అండ్ అకౌంట్స్ ఆఫీసు పింఛను మంజూరు ఉత్తర్వు ఇస్తుంది. దాన్నే అందరూ పీపీఓ అంటారు. అది ఢిల్లీలోని సెంట్రల్ పెన్షన్ అకౌంటింగ్ ఆఫీసుకు వెళ్లి, అక్కడి ముద్రతో బ్యాంకు వారి కేంద్రీకృత పింఛను విభాగానికి చేరుతుంది. నెలనెలా జమ వేసేది ఆ విభాగమే. పింఛనుదారుకు తెలిసిన బ్రాంచి, అక్కడి కౌంటరు, ఆ కౌంటరు వెనకాల కూర్చున్న మనిషి ఈ దారిలో చివరి మజిలీ మాత్రమే. అందుకే ‘డబ్బు ఎందుకు పడలేదు’ అని అడిగితే బ్రాంచిలో ‘పైనుంచి రావాలి’ అంటారు. అది అబద్ధం కాదు. పైనున్న వారికి కింది నుంచి వెళ్లవలసినదేదో వెళ్లలేదన్న మాట మాత్రం అందులో ఉండదు.

ఈ లేఖ ఆ పైనున్న విభాగానికి రాసినది. కార్యాలయం పేరు ఇందులో ఉండదు. అర్జీదారు వివరాలు కూడా కావలసినంత వరకే ఉంటాయి. పింఛను అర్జీలో ముందు రాయవలసింది పీపీఓ సంఖ్య. కేంద్ర సివిల్ పింఛనుకు అది 12 అంకెలది. మొదటి అయిదు అంకెలు ఉత్తర్వు ఇచ్చిన కార్యాలయాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని, ఆపై నాలుగు వరుస సంఖ్యను చెబుతాయి. చివరిది మిగతా అంకెల్లో తప్పు దొర్లితే పట్టుకోవడానికి పెట్టిన సరిచూపు అంకె. ఆ తర్వాత ఖాతా సంఖ్య, బ్రాంచి, పదవీ విరమణ తేదీ రాయాలి. బహిరంగ లేఖ కనుక ఇక్కడ ఖాతా సంఖ్యలో చివరి నాలుగు అంకెలు 4417 అని మాత్రమే రాసి, మిగతా వివరాలు కార్యాలయానికి వెళ్లే ప్రతిలో ఉంచారు. పీపీఓ సంఖ్య, ఖాతా సంఖ్య, పుట్టిన తేదీ మూడూ ఒకేచోట దొరికితే ‘మీ లైఫ్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో చేస్తాం, ఓటీపీ చెప్పండి’ అంటూ ఫోను చేసే మోసగాళ్లకు పని సులువవుతుంది. ఏ పింఛను కార్యాలయమూ ఫోనులో ఓటీపీ అడగదు. అర్జీదారు అనుభవంలో కార్యాలయం తనంతట తాను ఫోను చేసిన సందర్భమే లేదు కాబట్టి, వస్తున్న ఫోను మోసగాడిదని ఆయన సులభంగానే గుర్తుపడతారు.

ఇక పాత జమలు. అర్జీదారు మూల పింఛను నెలకు రూ.20,000. దానిమీద కరువు భృతి, ఆపైన నెలకు రూ.1,000 స్థిర వైద్య భత్యం వస్తాయి. కరువు భృతి 50 శాతం ఉన్నంతకాలం నెల జమ రూ.31,000. 2024 సెప్టెంబరు 27న, అక్టోబరు 29న పాసుబుక్కులో ఆ అంకే ఉంది. జూలై నుంచి వర్తించేలా 53 శాతం భృతిని ప్రభుత్వం అక్టోబరులో ప్రకటించింది. మూడు శాతం పెరుగుదల అంటే నెలకు రూ.600. నవంబరు 28న కొత్త రేటు ప్రకారం రూ.31,600కు జూలై నుంచి అక్టోబరు వరకు నాలుగు నెలల బకాయి రూ.2,400 కలిసి రూ.34,000 జమ అయింది. అర్జీలో పాత జమలు రాసేటప్పుడు ఈ విడదీత తప్పనిసరి. నవంబరు జమను చూసి నెల పింఛను రూ.34,000 అని రాస్తే, కార్యాలయం ఆ ఒక్క అంకెను పట్టుకుని ‘అర్జీలో మొత్తం తప్పు’ అంటూ తిప్పి పంపగలదు. తప్పులు పట్టడంలో కార్యాలయానికి ఆలస్యం ఉండదు.

ఆ తర్వాత పాసుబుక్కులో జమ లేదు. డిసెంబరు 31 గడిచింది, జనవరి 31 గడిచింది, ఫిబ్రవరి 28 గడిచింది. మార్చి 7న మూడు నెలలదీ కలిపి రూ.94,800 ఒక్క పద్దుగా వచ్చింది.

గడువు ఎప్పుడో ముందు తేలితేనే ఆలస్యమెంతో తేలుతుంది. కేంద్ర పింఛను ఆ నెల చివరి నాలుగు పనిదినాల్లో ఏదో ఒక రోజున జమ కావాలి. మార్చి నెలది మాత్రం ఏప్రిల్ మొదటి పనిదినాన గానీ ఆ తర్వాత గానీ వస్తుంది. ఆర్థిక సంవత్సరపు పద్దుల కోసం పెట్టిన ఏర్పాటు అది. ఏటా మార్చి 31 సాయంత్రం ‘పింఛను పడలేదు’ అని ఆందోళన పడే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అది ఆలస్యం కాదు, దానిమీద అర్జీ నిలవదు. పై మూడు నెలలకు ఆ మినహాయింపు లేదు. కాబట్టి డిసెంబరు పింఛనుకు డిసెంబరు 31, జనవరి పింఛనుకు జనవరి 31, ఫిబ్రవరి పింఛనుకు ఫిబ్రవరి 28 ఆఖరి గడువులు.

ఆగడానికి కారణం లైఫ్ సర్టిఫికెట్. పింఛనుదారు బతికే ఉన్నట్టు ఏటా నవంబరులో ఇవ్వవలసిన ధ్రువపత్రం ఇది. 80 ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. నవంబరు 30 దాటినా అది కంప్యూటరులో నమోదు కాకపోతే డిసెంబరు జాబితాలోంచి ఆ పేరు దానంతటదే తొలగిపోతుంది. ఎవరూ సంతకం పెట్టి ఆపరు. అర్జీదారు నవంబరు 6న బ్రాంచికి నడిచి వెళ్లి, పత్రం ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకున్నారు. పత్రం డ్రాయరులోకి వెళ్లింది, కంప్యూటరులోకి వెళ్లలేదు. దాంతో బ్రాంచి రికార్డులో జీవించి ఉన్న మనిషి, కేంద్రీకృత విభాగం రికార్డులో జీవించి ఉన్నట్టు ఆధారం లేని మనిషి అయ్యారు. జనవరి 3న వెళ్లి అడిగితే సర్వరు సమస్య అన్నారు. జనవరి 20న మళ్లీ పత్రం అడిగితే, ఆయన మళ్లీ ఇచ్చారు.

ఈ రెండో పత్రం దగ్గరే అర్జీదారులు ఎక్కువగా నష్టపోతారు. కంప్యూటరులో నమోదయ్యేది రెండో తేదీయే. తర్వాత ఆలస్యం గురించి అడిగితే ‘మీరు జనవరి 20న ఇచ్చారు, అంతకు ముందు ఆలస్యం మాది కాదు’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. దానికి ఎదురు నిలిచేది నవంబరు 6 నాటి రసీదు ఒక్కటే. లైఫ్ సర్టిఫికెట్ తీసుకున్నప్పుడు బ్యాంకు సంతకంతో రసీదు ఇవ్వాలని, తీసుకున్న వెంటనే కంప్యూటరులో నమోదు చేయాలని రిజర్వు బ్యాంకు సూచనలు ఉన్నాయి. రసీదు అడిగితే ‘మీ మీద నమ్మకం లేదా’ అన్నట్టు చూసే కౌంటర్లు ఉన్నా సరే, అడగాలి. జీవన్ ప్రమాణ్ ద్వారా ముఖం చూపించో వేలిముద్ర వేసో ఇచ్చేవారికి వచ్చే ప్రమాణ్ సంఖ్య పత్రం తయారైందన్నదానికే గుర్తు. బ్యాంకు దాన్ని అంగీకరించిందా లేదా అన్నది విడిగా చూసుకోవాలి. పీపీఓ సంఖ్యో, ఖాతా సంఖ్యో తప్పుగా కొడితే ఆ పత్రం తిరస్కరణకు గురికావచ్చు. అప్పుడు ఆలస్యానికి బ్యాంకును నిందించడం కష్టం.

పరిహారం లెక్క ఇది. తనవల్ల పింఛను గానీ బకాయి గానీ ఆలస్యమైతే, గడువు తేదీ దాటిన రోజులకు ఏడాదికి 8 శాతం చొప్పున బ్యాంకు పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు సూచన. 2008 అక్టోబరు 1 నుంచి జరిగిన ఆలస్యపు చెల్లింపులకు ఇది వర్తిస్తుంది. పింఛనుదారు అడగనక్కర్లేదు. ఆలస్యమైన పింఛను జమ చేసిన రోజునే దాన్నీ ఖాతాలో వేయాలి. రూ.31,600పై 8 శాతం ఏడాదికి రూ.2,528, అంటే రోజుకు సుమారు రూ.6.93. డిసెంబరు పింఛను 66 రోజులు ఆలస్యమైంది, దానికి రూ.457.12. జనవరిది 35 రోజులు, రూ.242.41. ఫిబ్రవరిది ఏడు రోజులు, రూ.48.48. మొత్తం రూ.748.01. పైన ఉన్న పైసాను అర్జీదారు వదులుకున్నారు. కార్యాలయం జనవరి 20నే పట్టుకుంటే డిసెంబరు పింఛను ఆలస్యం 46 రోజులకు తగ్గి, సుమారు రూ.139 కోత పడుతుంది. నవంబరు 6 నాటి రసీదు విలువ అక్షరాలా ఆ నూట ముప్పై తొమ్మిది రూపాయలు. మార్చి 7 నాటి జమలో మాత్రం రూ.94,800 తప్ప మరో రూపాయి లేదు.

ఈ 8 శాతం ప్రభుత్వ పింఛను పంచే బ్యాంకుల వల్ల జరిగే ఆలస్యానికి. ట్రెజరీ నుంచి పింఛను పొందే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్రాంత ఉద్యోగులు ప్రభుత్వమే ఆపిన పింఛనుకు ఈ సూచనను చూపించలేరు. 2020 మార్చిలో కరోనా ఖర్చుల పేరిట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీతాల్లో, పింఛన్లలో కొంత భాగం వాయిదా వేసినప్పుడు విషయం కోర్టుకు వెళ్లింది. ఒక విశ్రాంత జిల్లా న్యాయమూర్తి వేసిన వ్యాజ్యంలో హైకోర్టు 12 శాతం వడ్డీ ఇవ్వమంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని 6 శాతానికి తగ్గించింది. వడ్డీ బాధ్యత నుంచి మాత్రం ప్రభుత్వాన్ని తప్పించలేదు. సొమ్ము వాయిదా వేయడానికి ఒక్క ఉత్తర్వు చాలింది. వడ్డీ రావడానికి సుప్రీంకోర్టు దాకా నడవాల్సి వచ్చింది.

అర్జీదారుకు అంత దూరం అవసరం లేదు. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోతే, వచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. cms.rbi.org.in లో అందుకు ఏర్పాటు ఉంది. నేరుగా అక్కడికే వెళితే ‘ముందు బ్యాంకును అడిగారా’ అని తిప్పి పంపుతారు. కాబట్టి ఈ లేఖ అందిన తేదీకి కూడా కార్యాలయం ముద్ర కావాలి. 30 రోజుల లెక్క ఆ ముద్ర నుంచే మొదలవుతుంది.

కావున చివరి అంకెలు 4417 గల ఖాతాలో రూ.748 జమ చేసి, ఏ నెలకు ఎన్ని రోజులకు ఎంత లెక్కగట్టారో తెలిపే కాగితం ఒకటి పంపవలసిందిగా కోరడమైనది.

ఇట్లు,
అర్జీదారు
2025 మార్చి 17

జతపరచినవి: నవంబరు 6 నాటి రసీదు నకలు, సెప్టెంబరు నుంచి మార్చి వరకు పాసుబుక్కు పేజీల నకళ్లు, రోజుల లెక్క కాగితం. లైఫ్ సర్టిఫికెట్ జతపరచలేదు. ఈ ఏటికి రెండు ఇప్పటికే కార్యాలయం వద్ద ఉన్నాయి.