రెండు బిస్కట్ల మనిషిని

మధిరలో మా వీధిలో టీలో చక్కెర మానేసిన మొదటి మగాణ్ణి నేనే. ఆ సంగతి చెప్పుకోని రోజు లేదు. పొద్దున స్టేషన్ రోడ్డు నుంచి తెచ్చిన ఓట్స్ బిస్కట్లు ముందు పెట్టుకుని, చప్పటి టీ తాగుతూ, చక్కెర టీ తాగే మా ఆవిడ వైపు జాలిగా చూసేవాణ్ణి.

మొన్న ఆమె ప్యాకెట్ తిప్పి, ఫోన్లో ఫొటో తీసి, అక్షరాలు పెద్దవి చేసుకుని చదివింది.

"ఏమండీ, ఒక సర్వింగుకి చక్కెర 12 శాతమంట."

"పన్నెండే కదా!" అన్నాను, నూటికి పన్నెండు మార్కులొస్తే తప్పినట్టేగా అన్న ధీమాతో.

"సర్వింగంటే 25 గ్రాములు, రెండు బిస్కట్లు. మీరిప్పుడు ఎన్ని తిన్నారు?"

టీలో విరిగి పడిపోయిన ముక్కను లెక్కలోంచి తీసేద్దామని చూశాను. కుదరలేదు. ఎనిమిది.

ఆ శాతం రోజుకి 50 గ్రాముల కలిపిన చక్కెర మీద వేస్తారట. అది చేరాల్సిన గమ్యం కాదు, దాటకూడని గీత. రెండు బిస్కట్లకి 6 గ్రాములైతే ఎనిమిదింటికి 24. అంటే టీ గ్లాసు కింద పెట్టేలోపే రోజు కోటాలో 48 శాతం అయిపోయింది. మా ఆవిడ మాట్లాడకుండా పేపరు పరిచి, చక్కెర డబ్బా తీసి, చెంచాకి 5 గ్రాముల లెక్కన నాలుగు నిండుగా, అయిదోది కాస్త వెలితిగా పోసింది. ఆమె టీలో వేసుకునేది ఒక్క చెంచా.

"ఓట్స్ ఉన్నాయిగా" అన్నాను, చివరి ఆశతో.

దినుసుల జాబితాలో బరువు ఎక్కువున్నది ముందు రాయాలి. పిండి, నూనె, చక్కెర, ఆ తర్వాత ఓట్స్ 4 శాతం. పన్నెండున్నర గ్రాముల బిస్కట్లో అర గ్రాము! దాని కింద ఇన్వర్ట్ సిరప్. పేరు మారినా అదీ చక్కెరే. విడివిడిగా రాస్తే ఒక్కొక్కటీ జాబితాలో కిందికి జారిపోతుంది. మాల్టోడెక్స్ట్రిన్ అయితే మరీ గడుసుది. పిండిపదార్థమే అయినా చక్కెరగా లెక్కించరు కాబట్టి చక్కెరల వరుసలో కనిపించదు, రక్తంలో గ్లూకోజును మాత్రం గబగబా పెంచుతుంది.

ఇప్పుడు సర్వింగు గడి వదిలేసి, 100 గ్రాముల గడి చూస్తున్నాను. రెండు ప్యాకెట్లను పోల్చడానికి అదే సరైన కొలత. తర్వాత నా పళ్లెంలో ఉన్నవి లెక్కపెడుతున్నాను.

ప్యాకెట్ మీద అబద్ధమేమీ లేదు. ముందు వైపు చూసి కొన్నది నేను, వెనక వైపు చదివింది మా ఆవిడ. బిస్కట్ల డబ్బా ఇప్పుడు ఆమె బీరువాలో ఉంది.