పదమూడు అంకెల అపరాధ పరిశోధన

దొంగ ముద్రణ పాఠ్యపుస్తకాన్ని ఫోటో చూసే పట్టేయవచ్చని చెప్పే ఒక సూచనల పటం ఈపాటికి ప్రతి విద్యార్థి ఫోనులోకీ చేరిపోయింది కనుక, ఇకమీదట పుస్తకం కొనేవాడు ముందుగా కాగితం నిపుణుడై, ఆపై బైండింగు పరీక్షకుడై, చివరికి అంకెల శాస్త్రిగా పట్టా పుచ్చుకుని, ఓపిక మిగిలితే చదువుకోవచ్చు.

కాగితం సంగతే చూస్తే, దాని బరువును జీఎస్ఎంలో, అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్కలో చెబుతారు. ఫోటోను తూచే త్రాసు మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు 80 జీఎస్ఎం వాటర్‌మార్కు కాగితంపై ముద్రించినట్టు లోపలి పుటలోనే రాసి ఉంటుంది, కానీ కాగితంలోనే కలిసిపోయిన ఆ గుర్తు పుటను వెలుగుకు ఎత్తిపట్టినప్పుడే తేటగా కనబడుతుంది తప్ప, బల్లమీద పరచి తీసిన ఫోటోలో కనబడదు. పైగా ఫోను కెమెరా పసుపు కాగితాన్ని తెల్లగానూ, తెల్లకాగితాన్ని పసుపుగానూ చూపగల సమదర్శి.

అట్టమీది రంగులు చిన్న చిన్న చుక్కల కూర్పు. అచ్చయిన అట్టను స్కాన్ చేసి మళ్లీ అచ్చు వేస్తే పాత చుక్కలూ కొత్త చుక్కలూ కలబడి అలల్లాంటి చారలు పుడతాయన్నది నిజమే, అయితే అచ్చు బొమ్మను ఫోనుతో ఫోటో తీసినప్పుడూ అలాంటి చారలు పుట్టవచ్చు గనుక అసలు పుస్తకమూ నేరస్థురాలే అవుతుంది. జిగురు బైండింగు గురించి ఒక్కమాట చాలు: అసలు ప్రచురణకర్తలూ అదే వాడతారు.

ఇక సూచనల పటానికి మకుటాయమానం ఐఎస్‌బీఎన్, అంటే ప్రతి ప్రచురణకూ విడిగా కేటాయించే 13 అంకెల గుర్తింపు సంఖ్య. దాని చివరి అంకె సరిచూపు అంకె. మొదటి పన్నెండింటిని వరుసగా 1తో, 3తో మార్చి మార్చి గుణించి కూడి, ఆ మొత్తానికి చివరి అంకెను చేర్చినప్పుడు పదితో నిశ్శేషంగా భాగించబడితే సంఖ్య సరైనదట. ఈ లెక్కను వివరించేందుకు తరచూ వాడే 9780306406157 అన్న సంఖ్యలో మొదటి పన్నెండింటి మొత్తం 93, చివరి 7 కలిపితే 100, కాబట్టి పుస్తకం పతివ్రత. కానీ ఇందులోని 61ని 16గా తారుమారు చేసి 9780306401657 అని రాస్తే మొత్తం 83కు పడిపోయి, 7 కలిపితే 90 అవుతుంది. అదీ పదితో భాగించబడుతుంది, అదీ పతివ్రతే. పక్కపక్క అంకెల మధ్య తేడా 5 అయితే ఈ లెక్క ఆ తారుమారును పట్టలేదు.

అంతకన్నా పెద్ద హాస్యం, దొంగ ఈ సంఖ్యను కల్పించడు. గుమాస్తా టైపు పొరపాట్లను పట్టడానికి పుట్టిన అంకెను దొంగను పట్టడానికి నియమించినవారికి, అట్ట మొత్తాన్నీ స్కాన్ చేసేవాడు సంఖ్యను కూడా నిర్దోషంగానే స్కాన్ చేస్తాడని తోచలేదు.

వెనుక అట్టమీద ఒక సంఖ్య, లోపల ముద్రణ వివరాల పుటలో మరొకటి ఉంటే దొంగదేనన్న తీర్పు కూడా తొందరపాటే, ఎందుకంటే గట్టి అట్ట ప్రతికీ మెత్తని అట్ట ప్రతికీ వేర్వేరు సంఖ్యలుంటాయి, రెండూ ఒకే పుటలో అచ్చయి ఉండవచ్చు. అనుమానించవలసిన సందర్భం ఇరుకైనది: అట్టమీద భారతదేశానికి కేటాయించిన 978-81తోనో 978-93తోనో మొదలయ్యే సంఖ్య ఉండి, లోపలి పుటలో అది ఎక్కడా లేకుండా విదేశీ ప్రచురణ సంఖ్య ఒక్కటే ఉంటే, భారతీయ ముద్రణ అట్టలో విదేశీ ముద్రణ పుటలు కుట్టారని అనుకోవచ్చు. దీనికి ఒకే ప్రతి నుంచి తీసిన రెండు ఫోటోలు కావాలి.

అసలు మోసం అక్కడే ఉంది. అమ్మకందారు పెట్టే ఫోటో చాలాసార్లు ప్రచురణకర్త విడుదల చేసిన అట్ట బొమ్మే. అందులో కాగితం, బైండింగు, సంఖ్య అన్నీ నిర్మలమే, ఇంటికొచ్చే ప్రతి మాత్రం వేరు. అసలు పుస్తకం బొమ్మలో నకిలీ లక్షణాలు వెతకమని పిల్లలకు చెప్పడం సలహా కాదు, బాధ్యత దులుపుకోవడం. 1957 నాటి కాపీరైటు చట్టం 63వ సెక్షను తెలిసి ఉల్లంఘించినవారికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకూ జైలు రాసిపెట్టింది; సరుకు దాచిన గోదామును వెతకడం ఎవరి పనో వారు చేయకుండా, పరీక్ష ముందు రోజు పుస్తకం చేతబట్టిన కుర్రాణ్ణి పరిశోధకుణ్ణి చేయడం సిగ్గుమాలిన పని. కోఠీలో పాత పుస్తకం కొనేవాడు కనీసం దాన్ని వెలుగుకు ఎత్తి చూడగలడు.

ఫోటోలతోనే తేల్చాలన్న పట్టుదల ఉన్నవారు, అమ్మకందారు ఆనాటి తేదీ రాసిన చీటీని పక్కన పెట్టి తీసిన మూడు ఫోటోలు అడగవచ్చు: దీపం ముందు పట్టిన ఒక పుట, వెనుక అట్ట, ముద్రణ వివరాల పుట. సూచనల పటంలో ఆ చీటీ ప్రస్తావన ఎక్కడా లేదు.