డెబ్బై తొమ్మిది మార్కుల ఫెయిలు

పదో తరగతిలో ముప్పై అయిదు వస్తే పాసు. నూటికి డెబ్బై తొమ్మిది తెచ్చుకుని కూడా ఫెయిలయ్యేది మన పటాన్‌చెరు బెల్టులో ఒక్కటే ఉంది, ఫ్యాక్టరీ బ్యాటరీ. దాని మీద పర్చేజ్ మేనేజరుకు ఉన్న జాలి కన్నతల్లికి కూడా ఉండదు. "ఇంకా ఎనభైకి దగ్గర్నే ఉంది కదయ్యా, గప్పుడే మార్చుమంటవేంది?" అని ఎలక్ట్రికల్ సూపర్‌వైజరును కసురుకుంటాడు.

ఆ జాలి లెక్కను కాస్త విప్పుదాం. లక్డారం క్రషర్ల దుమ్ము కిటికీల మీద పేరుకునే ఒక ఫ్యాక్టరీ ఉందనుకోండి. కరెంటు పోతే అలారాలకు, కంట్రోల్ ప్యానెళ్లకు పది గంటలపాటు 16 ఆంపియర్లు కావాలి. అంటే 160 ఆంపియర్ అవర్లు. డిజైన్ చేసిన ఇంజినీరు దాన్ని 1.25తో హెచ్చవేసి 200 బ్యాటరీ రాశాడు. మేనేజరు దృష్టిలో ఆ అదనపు 40 ఇంజినీరు దుబారా. నిజానికి అది ముసలితనానికి ముందే తీసిపెట్టిన వాటా. 200లో ఎనభై శాతం ఎంత? సరిగ్గా 160. ఆ గీత దాటిన రోజు నుంచి పదో గంట చివర్లో అలారం మోగుతుందో లేదో అలారానికే తెలియాలి.

సరే, అవసరం తగ్గి 120 చాలనుకుందాం. అప్పుడైనా వాడుకోవచ్చా? ఫ్యాక్టరీల లెడ్ బ్యాటరీలకు ప్రపంచమంతా చూసే ఐఈఈఈ ప్రమాణాలు ఇక్కడా మొహమాటపడవు, ఎనభైకి దిగితే మార్చమంటాయి. ఎందుకంటే లెడ్ బ్యాటరీ క్రమంగా అరిగిపోయే రకం కాదు. ఏళ్ల తరబడి నూరుకు దగ్గర్లోనే నిలబడి, లోపల పాజిటివ్ ప్లేటు జాలీ తుప్పు పట్టి, సీల్డ్ రకమైతే నీరు ఆరిపోయి, ఎనభై దగ్గర కాలు జారుతుంది. తొలి ఇరవై శాతం పోవడానికి ఏళ్లు పడితే, తర్వాతి ఇరవైకి నెలలు చాలు. గది వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుంది. ఏసీ చెడిపోయిన బ్యాటరీ గదిలో మన మే నెల ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇంతకీ అది డెబ్బై తొమ్మిదని మేనేజరుకు ఎవరు చెప్పారు? లాగ్ బుక్కు చూడండి. నెలనెలా ప్రతి బ్యాటరీ ఎదుట 13.5 వోల్టులు, ఒకే పెన్ను, ఒకే చేతిరాత. చార్జరు ఆన్‌లో ఉండగా మీటరు పెడితే చచ్చే స్థితిలో ఉన్న బ్యాటరీ కూడా 13.5 చూపిస్తుంది, ఆ అంకె చార్జరుది కాబట్టి. అసలు పరీక్ష వేరే. పూర్తిగా చార్జి చేసి, చార్జరు తీసేసి, 200 బ్యాటరీని 20 ఆంపియర్ల లోడు మీద వదలాలి. పన్నెండు వోల్టుల సీల్డ్ బ్యాటరీ 10.5కు దిగేదాకా గడియారం చూడాలి. పది గంటలొస్తే నూరు, ఎనిమిదొస్తే ఎనభై. గది వేడిని బట్టి కొంత సవరణ. తొమ్మిది బ్యాటరీలు వరుసలో ఉంటే అందులో ఒక్కటి ఆరో గంటకు కూలబడినా చాలు, మిగతావి దాని గుండా కరెంటు తోస్తూనే ఉంటాయి, దాని సెల్లు తల్లకిందులై ప్లస్ మైనస్ మారిపోతుంది. ఇదంతా ఒక రోజు పని. ఆ రోజు మాత్రం ఎవరికీ ఖాళీ ఉండదు.

ఇదే ఎనభైని లిథియానికి అంటగట్టినవాళ్లను కూడా వదలొద్దు. అమెరికా కార్ల కంపెనీల కూటమి యూఎస్ఏబీసీ 1996 నాటి పరీక్షల మాన్యువల్‌లో ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ ఆయుష్షుకు ఎనభై శాతం గీత గీసింది. అప్పటి కార్లలో ఎక్కువ లెడ్, నికెల్ బ్యాటరీలే. బ్యాటరీ మారింది, గీత మారలేదు. కొత్తలో నూరు కిలోమీటర్లు నడిచిన ఎలక్ట్రిక్ ఆటో ఇప్పుడు ఎనభై నడిస్తే లక్డారం, పటాన్‌చెరు మధ్య తిరిగే షేర్ ఆటోకు వచ్చిన నష్టమేంటి? ఆ కిలోమీటర్లు తగ్గడం అసలు జబ్బు కాదు. లోపలి నిరోధం పెరిగి, ఏడుగురిని ఎక్కించుకుని ఎత్తు ఎక్కేటప్పుడు వోల్టేజీ పడిపోయి బీఎంఎస్ కరెంటు కట్ చేస్తే, అదీ జబ్బు. నెమ్మదిగా చార్జి అవుతూ ఎనభైకి దిగిన సెల్లు ఇంటి సోలార్‌కు ఇంకా ఏళ్లు పనికిరావచ్చు. వేగంగా చార్జి చేయడం వల్ల ఆనోడ్ మీద లిథియం లోహంగా పేరుకుని అదే ఎనభైకి వచ్చిన సెల్లు లోపల్లోపలే షార్టయ్యే ప్రమాదంలో ఉంటుంది. రెండింటికీ మార్కులు ఒకటే. నిరోధం కొలిచి, చార్జి చేసి వారాలపాటు పక్కన పెట్టి, వోల్టేజీ దానంతటదే ఎంత జారిందో చూస్తే గానీ తేడా బయటపడదు. ఆ ఓపిక లేకుండా "ఎయిటీ పర్సెంట్ హెల్త్" అని స్టిక్కరు వేసి అమ్మేవాడి దగ్గర కొనేవాడు ధైర్యవంతుడు.

మళ్లీ మన మేనేజరు దగ్గరికి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత లెడ్ బ్యాటరీ రిజిస్టరైన రీసైక్లరుకే చేరాలి. కానీ గొడ్డలితో డబ్బా పగలగొట్టి, యాసిడ్ మోరీలో పోసి, సీసం కరిగించుకునేవాడు కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువిస్తానంటాడు. నక్కవాగు దశాబ్దాలుగా తాగిన రసాయనాలు చాలవన్నట్టు! ఇన్నాళ్లూ బ్యాటరీని మార్చనివ్వని మనిషి అప్పుడు పది నిమిషాల్లో సంతకం పెడతాడు. బ్యాటరీ నలభైకి దిగినా సీసం బరువు తగ్గదు కదా, తూకంలో పైసా నష్టం లేదు.