పోటీ లేని ఊరు

కాగితాలు, పెన్నులు, ఫైళ్లు అమ్మే భారీ దుకాణాల సంస్థ స్టేపుల్స్, తనలాంటిదే అయిన ఆఫీస్ డిపోను సుమారు 400 కోట్ల డాలర్లకు కొనబోయింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అడ్డుపడడంతో 1997లో వ్యవహారం వాషింగ్టన్ కోర్టుకెక్కింది.

కంపెనీల లాయర్ల వాదన వినడానికి సబబుగానే ఉంది. పెన్ను ఎక్కడైనా పెన్నే. వాల్‌మార్ట్‌లో దొరుకుతుంది, వీధి చివరి కొట్లోనూ దొరుకుతుంది. అన్ని రకాల దుకాణాలనూ లెక్కేస్తే, ఈ సరుకుల అమ్మకాల్లో రెండు సంస్థలకూ కలిపి దక్కేది 5.5 శాతమే. అంత చిన్న వాటాతో ఎవరి మెడ మీద కత్తి పెట్టగలం అని వాళ్ల ప్రశ్న.

అంటే తేలాల్సింది మార్కెట్ హద్దు. వాల్‌మార్ట్ ఆ హద్దుకు లోపలుందా, బయటుందా?

దీనికి అర్థశాస్త్రంలో మొదటి కొలత జాత్యంతర డిమాండ్ వ్యాకోచత్వం. స్టేపుల్స్‌లో కాగితం ధర 5 శాతం పెరిగినందువల్ల వాల్‌మార్ట్ కాగితం అమ్మకాలు 10 శాతం పెరిగితే అది 2. జనం అటు మళ్లుతున్నారని అర్థం. కానీ ఎంత ఉంటే హద్దులోకి వచ్చినట్టు? ఆ అంకె తనంతట తాను చెప్పదు.

అందుకే 1982లో అమెరికా న్యాయశాఖ విలీనాల మార్గదర్శకాల్లో ఒక పరీక్ష పెట్టింది. ఈ తరహా పెద్ద దుకాణాలన్నీ ఒకే యజమాని చేతిలో ఉన్నాయనుకోండి. అతను ధర 5 శాతం పెంచి ఏడాదిపాటు దించకుండా ఉంచితే లాభపడతాడా? ఏడాది ఎందుకంటే, వారం రోజుల పెంపును కొనేవాళ్లు ఓర్చుకుంటారు. పెంపు నిలిచిపోయిందని తెలిశాకే వేరే కొట్టు వెతుక్కుంటారు.

లెక్క వేసి చూద్దాం. 75 డాలర్లు పడే సరుకును 100కు అమ్ముతున్నాడు, కొనేవాళ్లు వందమంది. లాభం 2,500. ధర 105 చేస్తే తలకు 30 మిగులుతుంది. 16 మంది వెళ్లిపోయినా మిగిలిన 84 మంది మీద 2,520 వస్తుంది. పదిహేడో మనిషి కూడా వెళ్లిపోతే 2,490కి పడిపోయి నష్టం. కాబట్టి కొందరు వాల్‌మార్ట్‌కు పోతారని చూపిస్తే చాలదు. పెంపు గిట్టనంతమంది పోతారా అన్నదే చూడాలి. పోకపోతే ఈ పెద్ద దుకాణాలే ఒక మార్కెట్, వాల్‌మార్ట్ బయట.

కోర్టు కోసం ఎవరూ ఏడాదిపాటు ధరలు పెంచి చూపించరు. కానీ ఆ ప్రయోగం ఊళ్లలో అప్పటికే జరిగిపోయింది. కమిషన్ ఫ్లోరిడా నుంచి ఆఫీస్ డిపో పత్రికా ప్రకటనలు రెండు తెచ్చి పక్కపక్కన పెట్టింది. రెండూ అచ్చు ఒకేలా ఉన్నాయి, ధరలు తప్ప. ఈ తరహా పెద్ద దుకాణాల సంస్థలు మూడు తలపడే ఒర్లాండోలో కాపీ పేపర్ 17.99 డాలర్లు. ఆఫీస్ డిపో ఒక్కటే ఉన్న లీస్‌బర్గ్‌లో అదే పేపర్ 24.99. స్టేపుల్స్ సంగతీ అంతే. తను ఒంటరిగా ఉన్న చోట ధరలు, మూడు సంస్థలూ ఉన్న చోటికన్నా 13 శాతం ఎక్కువ.

ఇక్కడొక ప్రమాదం ఉంది. ఇదే పరీక్షను లీస్‌బర్గ్ ధర మీద పెడితే ఫలితం తారుమారవుతుంది. 24.99 మీద ఇంకో 5 శాతం వేస్తే జనం నిజంగానే వాల్‌మార్ట్‌కు పరుగెత్తవచ్చు. వ్యాకోచత్వం ఎక్కువగా కనిపిస్తుంది, మార్కెట్ పెద్దదన్న భ్రమ కలుగుతుంది. వాళ్లు పరుగెత్తేది రెండు కొట్లూ ఒకటే కాబట్టి కాదు, ధర అప్పటికే భరించలేనంత ఎక్కింది కాబట్టి. 1956లో డ్యూపాంట్ సెల్లోఫేన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ ఊబిలోనే దిగిందని అర్థశాస్త్రవేత్తలు నేటికీ విమర్శిస్తారు. పరీక్ష మొదలుపెట్టాల్సింది ఒర్లాండో ధర నుంచి.

1997 జూన్ 30న జడ్జి థామస్ హోగన్ విలీనాన్ని ఆపేశారు. ఆయన ముందున్న సాక్ష్యాల్లో వ్యాకోచత్వాల పట్టికలే కాదు, స్టేపుల్స్ ఆఫీసులో రోజూ వాడే కాగితాలూ ఉన్నాయి. వాటిలో ఊళ్లను రెండు రకాలుగా విడదీసి రాసుకున్నారు. ఇంకో పెద్ద ఆఫీసు సరుకుల దుకాణం కూడా ఉంటే ‘పోటీ ఉన్న మార్కెట్’. తమది ఒక్కటే ఉంటే ‘పోటీ లేని మార్కెట్’.

ఆ ఊళ్లో వాల్‌మార్ట్ ఉందా లేదా అన్నది ఆ విభజనలో లెక్కలోకే రాలేదు.